తాత మాట భూదానం దాకా వెళ్లిపోతే మళ్లీ మగ్గం దగ్గరికి తేవడం ఎలా?

ప్రశ్న: మా చుట్టుపక్కల ఊళ్లలో చేతిపని చేసేవాళ్లతో మాట్లాడిస్తూ ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. మొన్న పోచంపల్లిలో ఎనభైకి దగ్గరపడ్డ ఒక నేత తాతను ఇంటర్వ్యూ చేశాను. "మీ బాల్యం గురించి, ఈ పనిలోకి ఎలా వచ్చారు, అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటో చెప్పండి" అని అడిగితే వినోబా భావే ఊరికి రావడం, ఆ సభలో వాళ్ల నాన్న నిలబడటం దగ్గర మొదలుపెట్టి, భూదానం, ఇప్పటి నాయకులు, హైదరాబాదులో కొడుకు ఉద్యోగం దాకా వెళ్లారు. పావుగంట పట్టింది. ఆపితే ఏమనుకుంటారోనని ఊకొడుతూ కూర్చున్నాను. వాళ్లమ్మ నేతకు ముందు దారం పోయడానికి వాడిన ఆసు ఇంకా ఇంట్లో ఉందని మధ్యలో అన్నారు, నేను దాని గురించి అడగనేలేదు. మొత్తం గంటా యాభై నిమిషాలు వచ్చింది. నా పరిచయం సన్మానసభలో చదివినట్టు ఉందని స్నేహితులు అంటున్నారు. పెద్దవాళ్లను నొప్పించకుండా మాటను దారిలో పెట్టడం ఎలా?
— ఓ పాఠకురాలు, చౌటుప్పల్

సమాధానం:

మీరు పంపిన ప్రశ్నను ఒకసారి ఆ తాత చెవులతో వినండి. అందులో మూడు ప్రశ్నలున్నాయి, మూడూ పెద్దవే. అన్నీ గుర్తుపెట్టుకుని వరసగా జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే మనిషి మొదట వినిపించిన మాట పట్టుకుంటాడు. మీ ప్రశ్నలో అది "బాల్యం". ఎనభైకి దగ్గరపడ్డ పోచంపల్లి మనిషికి బాల్యం అంటే ఏం గుర్తొస్తుంది? 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరొచ్చారు. వెదిరె రామచంద్రారెడ్డి భూమిలేనివాళ్లకు నూరెకరాలు ఇస్తానన్నారు. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. అప్పటికి తాతకు నాలుగైదేళ్లు ఉండి ఉంటాయి. కళ్లతో చూసిన దానికన్నా ఇంట్లో విని విని పెరిగిన కథ అది. పైగా ఊరికి మైకు పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది అదే. మీకూ అదే కావాలనుకుని, తన దగ్గర సిద్ధంగా ఉన్న కథను ప్రేమగా మీ ముందు పెట్టారు. అతిథి మాట ఎటో పోతోందని అనిపించినప్పుడు ముందుగా మనం అడిగిన ప్రశ్నను చూసుకోవాలి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

అందుకని ఆపడం ఎలాగో చెప్పే ముందు అడగడం ఎలాగో చెప్తాను. ఒకసారికి ఒకటే ప్రశ్న వేయండి. ఆ ప్రశ్నలో ఒక వస్తువో, ఒక మనిషో, ఒక పూటో ఉండాలి. "ఈ పనిలోకి ఎలా వచ్చారు" అన్నప్పుడు తాత ముందు అరవై డెబ్బై ఏళ్లు పరుచుకుంటాయి. ఎక్కడ అడుగు పెట్టాలో తెలియదు. "మీ ఇంట్లో ఆసు ఎవరు పోసేవాళ్లు?" అంటే ఆయన కళ్ల ముందు ఒక మనిషి కనబడుతుంది. జవాబు ఒక్క మాటలో వచ్చినా నష్టం లేదు. "మా అమ్మ" అంటారు. ఆ ఒక్క మాట దగ్గర నుంచి అరగంట మాట్లాడించవచ్చు.

"అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటి" అనే ప్రశ్నను మాత్రం మీ కాగితం మీద నుంచి పూర్తిగా కొట్టేయండి. అది ఎవరినడిగినా ఉపన్యాసమే వస్తుంది. తేడా తెలుసుకోవాలంటే ఒక్క పనిని పట్టుకుని రెండు కాలాల్లో విడివిడిగా అడగండి. రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టే చిటికి పనినే తీసుకోండి. మీరు చిన్నప్పుడు చిటికి కట్టడానికి ఏం వాడేవాళ్లు? సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు మీ ఇంటికి ఎప్పుడొచ్చాయి? తేడా ఏంటో విన్నవాళ్లే చెప్పుకుంటారు.

ఇక పరిచయం. మీ స్నేహితులు అన్నది నాకు అర్థమైంది. "ప్రముఖ చేనేత కళాకారులు, దశాబ్దాల అనుభవశాలి, మన సంస్కృతికి నిలువెత్తు నిదర్శనం" అనే పద్ధతిలో రాసి ఉంటారు. ఆ మాటలు ఏ ఊరి ఏ పెద్దాయనకైనా సరిపోతాయి, కాబట్టి వినేవాళ్లకు ఈ తాత కనబడరు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన దగ్గర పెద్దవాళ్లను ముఖం మీద పొగిడితే ఊరుకోలేరు. "నాదేముంది బిడ్డా, అంత దేవుని దయ" అని మొదలుపెట్టి, గురువులకూ అమ్మానాన్నలకూ దండాలు పెట్టి, మీక్కూడా రెండు మంచి మాటలు చెప్పి గానీ అసలు విషయంలోకి రారు. మొదటి మూడు నిమిషాలు మర్యాదలకే పోతాయి. అంతకన్నా ముఖ్యంగా, ఇది సభ అనే భావన ఆయన మనసులో పడిపోతుంది. ఆ తర్వాత ఆయన గొంతు మీతో మాట్లాడదు, సభతో మాట్లాడుతుంది.

కాబట్టి పరిచయాన్ని రెండు ముక్కలు చేయండి. వినేవాళ్లకు చెప్పాల్సిన పరిచయాన్ని ఆయన ఎదురుగా చదవొద్దు. ఇంటర్వ్యూ అంతా అయ్యాక, ఏం దొరికిందో తెలిశాక, మీ ఇంట్లో కూర్చుని రికార్డు చేసి ముందు అతికించండి. అర నిమిషం చాలు. మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం చాలు ఆ పరిచయానికి. ఇలా రాసుకోవచ్చు:

"పోచంపల్లిలో ఒక ఇంట్లో పాత ఆసు ఒకటుంది. దాని మీద ఇప్పుడు ఎవరూ దారం పోయడం లేదు. అయినా ఆ ఇంటి తాత దాన్ని పారేయలేదు. అది వాళ్లమ్మది. ఆమె పోసిన దారంతో నేర్చుకున్న నేత ఆయనను ఎనభై ఏళ్ల దగ్గరికి తెచ్చింది. ఈరోజు ఆయన ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందాం."

ఆ తర్వాత పేరు, అంతే. ఇందులో పొగడ్త లేదు, కానీ గౌరవం ఉంది, ఎందుకంటే ఆయనను తప్ప వేరెవరినీ ఇలా పరిచయం చేయలేం. అవార్డులు ఉంటే అవి తర్వాత మాటల మధ్య వస్తాయి. పేరు, ఇంటిపేరు ఎలా పలకాలో మాత్రం ఆయన్నే ముందుగా అడిగి రెండుసార్లు పలికి చూసుకోండి.

రెండో ముక్క ఆయన ఎదురుగా చెప్పేది. "తాతా, మీ ఇంటికి రానిచ్చి మాట్లాడుతున్నందుకు సంతోషం" అన్నంత చిన్నదిగా ఉంచి, ఆ ఊపిరిలోనే మొదటి ప్రశ్న అడిగేయండి. మధ్యలో ఖాళీ ఇస్తే ఆయన మర్యాదగా సభ మొదలుపెడతారు.

మైకు పెట్టకముందు ఒక ఒప్పందం కూడా చేసుకోవాలి. పెద్దవాళ్ల మాటకు అడ్డం వెళ్లకూడదని మనం పెరిగాం కాబట్టి, అడ్డం వెళ్లే అనుమతిని ముందే తీసుకోవాలి. "తాతా, వినేటోళ్లకు మగ్గం పని తెల్వదు. వాళ్ల తరఫున మధ్యమధ్యల ఆపి అడుగుత, ఏమనుకోవద్దు. నేను చెయ్యి ఇట్ల టేబుల్ మీద పెడితే అడగబోతున్న అని గుర్తు." ఇలా చెప్తే ఏ పెద్దాయనా కాదనరు. ఆపేది వినేవాళ్ల కోసమని తెలిశాక అది అగౌరవంగా అనిపించదు. చేతి సైగ రికార్డులో వినబడదు కూడా. ఆయన చూపు సరిగ్గా ఆనకపోతే మోచేతిని మెల్లగా తాకుతానని చెప్పండి. కానీ అది ఆయనకు సమ్మతమో కాదో అడిగి చేయాలి.

ఇప్పుడు ఊకొట్టడం గురించి. మీరు అలా కూర్చున్నందుకే పావుగంట సాగింది. కథ చెప్పేవాళ్లకు ఊ అనేది ముందుకు సాగమనే ఆనతి. ప్రతి వాక్యానికీ మీరు ఆనతి ఇస్తూ పోయారు, ఆయన సాగుతూ పోయారు. రికార్డులో మీ ఊ లన్నీ ఆయన మాటల మీద పడి, తర్వాత కత్తిరించడానికి కూడా వీల్లేకుండా చేస్తాయి. ఇకమీదట నోటితో కాకుండా తలతో ఊకొట్టండి, కళ్లలోకి చూస్తూ. మాట పక్కకు పోతోందని అనిపించినప్పుడు ఆ తల ఊపడం ఆపి కొంచెం ముందుకు వంగండి. మాట్లాడేవాళ్లలో చాలామంది దాన్ని గమనించి వేగం తగ్గిస్తారు. మీకు కావాల్సిన సందు అక్కడ దొరుకుతుంది.

అయితే పక్కకు పోతున్న ప్రతి మాటనూ వెనక్కి లాగకూడదు. ఒక నిమిషం పాటు విని తేల్చుకోండి. మాటల్లో వివరాలు పెరుగుతుంటే, అంటే ఒక రంగు, ఒక ధర, ఒక మనిషి అన్న మాట, ఒక వాసన వస్తుంటే, గొంతు నెమ్మదిస్తుంటే, మధ్యలో ఆగి గుర్తుచేసుకుంటుంటే, వదిలేయండి. మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా సరే. ఆయన ఇదివరకు ఎవరికీ చెప్పనిది చెప్తున్నారు. అదే వివరాలు తగ్గి "ఈ కాలంల", "ఎవరైనా", "అందరూ", "మొత్తానికి" లాంటి మాటలు పెరిగితే, గొంతు ఒకే ఎత్తులో గడగడా సాగితే, ఎన్నోసార్లు చెప్పిన ఉపన్యాసం మొదలైందన్నమాట. అక్కడ అడగాలి. మీ తాత విషయంలో నాన్న వినోబా సభలో నిలబడ్డ ముక్క మొదటి రకం. ఇప్పటి నాయకుల గురించి మొదలవ్వగానే రెండో రకంలోకి జారిపోయింది. అడగాల్సిన చోటు ఆ రెండింటి మధ్య గీత.

ఎలా అడగాలి? ఆయన ఊపిరి తీసుకునే క్షణం కోసం చూడండి. మాట మధ్యలో దూరితే రెండు గొంతులు కలిసిపోతాయి. ఒకే మైకు మీద కలిసిన గొంతులను ఎడిటింగ్‌లో విడదీయడం దాదాపు అసాధ్యం. ఊపిరి అందగానే పిలుపుతో మొదలుపెట్టండి: "తాతా, ఒక్క మాట." పిలుపు వినగానే మనిషి ఆగుతాడు. తర్వాత ఆయన చెప్పినదాంట్లోనే పనికొచ్చే ఒక మాటను తీసుకుని, దాన్ని పట్టుకుని మీకు కావాల్సిన చోటికి నడవండి. "అసలు విషయానికి వద్దాం" అని మాత్రం ఎప్పుడూ అనకండి. అప్పటిదాకా చెప్పిందంతా అనవసరం అన్నట్టు వినబడుతుంది.

మీ ఇంటర్వ్యూలో అది ఇలా సాగి ఉండేది అనుకోండి:

"…మా నాయిన గూడ ఆడనే నిలవడ్డడంట. గా జమానాల మనుషులు వేరు బిడ్డా. ఇప్పుడున్న లీడర్లు…"

"తాతా, ఒక్క మాట. మీ నాయిన ఆడ నిలవడ్డడు అన్నరు కదా. అప్పటికి మీ ఇంట్ల మగ్గం ఉండెనా?"

"ఉండె. గుంట మగ్గం. నాయిన నేసేది, అమ్మ ఆసు పోసేది."

"అమ్మ ఆసు పోసేటప్పుడు మీరు ఏడ కూసునేటోళ్లు?"

నాయకులను మీరు తోసిపుచ్చలేదు, ఆయన నాన్నను అందుకున్నారు. తండ్రి గురించి అడిగితే కొడుక్కి కోపం రాదు. రెండు ప్రశ్నలతో మీరు ఇంట్లోకి, ఆసు దగ్గరికి చేరిపోయారు. బుర్రకథలో వంతలు చేసే పని ఇదే. కథకుడు చెప్పిన ఆఖరి మాటనే అందుకుని "అయితే అప్పుడేమైంది?" అని అడిగి కథను ముందుకు నెడతారు. కథకుడి ఊపు తగ్గదు, కథ కూడా పక్కకు పోదు.

ఆ సంభాషణలో చివరి ప్రశ్నను మళ్లీ చూడండి. "అమ్మ గురించి చెప్పండి" అని ఉంటే "అమ్మ దేవత" అనే జవాబొచ్చేది. ఎక్కడ కూర్చునేవారని అడిగితే ఆయన ఆ గదిలోకి వెళ్లి చూసి చెప్పాలి. మంచి అనుబంధ ప్రశ్నలన్నీ ఇంత చిన్నవే. ఎంతసేపు? ఎట్ల తెలిసింది? అప్పుడు ఆమె ఏమన్నది? అంటే ఏంటి తాతా? వీటిని కాగితం మీద రాసుకుని పోవడానికి కుదరదు, జవాబు వింటేనే పుడతాయి. మీ కాగితం మీద పెద్ద వాక్యాలకు బదులు నాలుగైదు విడి మాటలే ఉంచుకోండి: ఆసు, చిటికి, మొదటి చీర, మాస్టర్ వీవర్, పిల్లలు. ప్రశ్నల జాబితా పొడవుగా ఉంటే మన మనసు తర్వాతి ప్రశ్న మీదే ఉంటుంది. "అమ్మ ఆసు ఇంకా ఉంది" అన్న మాట మీ పక్క నుంచి జారిపోయింది అందుకే. అలాంటి మాట వినబడి, అప్పుడే అడగలేని పరిస్థితి ఉంటే ఒక్క పదం రాసుకుని తర్వాత తిరిగి రండి. "ఇందాక అమ్మ ఆసు ఉందన్నరు" అని మీరు పది నిమిషాల తర్వాత అన్నా ఆయన సంతోషిస్తారు. ఇంత శ్రద్ధగా విన్న పిల్ల అనుకుంటారు.

చిన్న ప్రశ్నలు పుట్టాలంటే పని గురించి మీకు ముందే తెలిసి ఉండాలి. ఆసు పోయడం అంటే అర్ధచంద్రంగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో కిందికీ పైకీ తిప్పడం. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడాలని చెబుతారు. ఆ పనితో తన తల్లి లక్ష్మి భుజం పడే బాధ చూసి, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇది తెలిసినవాళ్లకు "మీ అమ్మకు భుజం నొప్పి ఉండేదా? రాత్రిపూట ఏం చేసేది?" అనే ప్రశ్న తడుతుంది. "మీ వాడకు ఆసు యంత్రం ఎప్పుడొచ్చింది? అప్పటికి అమ్మ ఉందా?" అనేది తడుతుంది. తెలియనివాళ్లకు తట్టదు. అయితే మీకు తెలిసిందంతా ప్రశ్నలో ఒలకబోయకండి. తొమ్మిది వేలు, 1999, పద్మశ్రీ అన్నీ మీరే చెప్పేస్తే తాతకు "అవును బిడ్డా" అనడమే మిగులుతుంది. ఆ సంగతులు కావాలంటే తర్వాత మీ గొంతుతో విడిగా రెండు వాక్యాలు చేర్చుకోవచ్చు.

భుజం నొప్పి లాంటి ప్రశ్న అడిగాక నిశ్శబ్దం వస్తే దాన్ని పూడ్చకండి. లోపల మూడు లెక్కపెట్టండి. అవసరమైతే ఐదు. ఎదుటివాళ్లు ఆలోచిస్తున్నప్పుడు మనకు భయమేసి ఇంకో ప్రశ్న వేసేస్తాం, రాబోతున్న జవాబు ఆగిపోతుంది. ఎక్కువైన నిశ్శబ్దాన్ని తర్వాత కత్తిరించుకోవచ్చు. రాకుండా పోయిన జవాబును అతికించలేం.

అతిథులందరూ మీ తాతలా ఉండరు. అధికారులూ నాయకులూ వేరే రకం. వాళ్లు దారి తప్పరు, తమ దారినే పట్టుకుని వదలరు. వాళ్లతో పిలుపూ ఊపిరీ సరిపోవు. "మీరు చెప్పింది పథకం గురించి. నేనడిగింది ఈ ఊళ్లో ఎంతమందికి అందిందని" అని మర్యాదగానే, అదే ప్రశ్నను మళ్లీ అడగాలి. ఫోన్‌లోనో, ఆన్‌లైన్‌లోనో చేసే ఇంటర్వ్యూల్లో మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఊపిరి సందులో దూరడం కుదరదు. అక్కడ చెయ్యెత్తి చూపిస్తానని ముందే చెప్పుకోవాలి.

ఇంత చేసినా ఒక జవాబు ఏడెనిమిది నిమిషాలు పోవచ్చు. అప్పుడు పూర్తిగా చెప్పనిచ్చి, "తాతా, ఇది చాలా బాగుంది. వినేటోళ్ల కోసం ఇదే ముచ్చట ఇంకోసారి కొంచెం చిన్నగ చెప్తరా? అమ్మ ఆసు ముందు కూసున్న కాడికెళ్లి" అని అడగండి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పడం ముఖ్యం. చాలామంది రెండోసారి సగం సమయంలో, ఇంకా శుభ్రంగా చెప్తారు. కన్నీళ్లు పెట్టుకుని చెప్పినదాన్ని మాత్రం మళ్లీ చెప్పమనకండి. అది మొదటిసారి ఎలా వస్తే అలాగే ఉంచాలి. పనికొచ్చే ముక్క వచ్చిన ప్రతిసారీ వెంటనే గడియారం చూసి నిమిషం రాసుకుంటే, గంటా యాభై నిమిషాలనూ మొదటి నుంచి వెతుక్కునే బాధ తప్పుతుంది.

మొన్నటి రికార్డింగ్‌ను పారేయొద్దు. ఒకసారి కాగితం పెట్టుకుని మొత్తం వినండి. వివరాలతో కూడిన ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో నిమిషాలు గుర్తుపెట్టుకోండి. నాన్న సభలో నిలబడ్డ ముక్క తప్పక ఉంచండి. నాయకుల గురించీ కొడుకు ఉద్యోగం గురించీ అన్నది తీసేయవచ్చు. ఒక్క జాగ్రత్త పాటించండి: ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న కింద అతికించకూడదు, "కానీ" తర్వాత చెప్పినదాన్ని కోసేసి ముందున్నది ఒక్కటే ఉంచకూడదు. అయ్యాక ఆయనకో ఇంట్లోవాళ్లకో వినిపించి, ఇలా పెట్టొచ్చా అని అడగండి.

తర్వాత తాతకు ఫోన్ చేసి ఇంకో అరగంట కావాలని అడగండి. అమ్మ ఆసు గురించి చెప్పించుకోవాలని ఉందంటే తప్పక ఒప్పుకుంటారు. ఈసారి ఆ ఆసు ఉన్న గదిలోనే కూర్చోండి. ఫ్యాను ఆపించి, మైకును ఆయన నోటికి జానెడు దూరంలో ఉంచండి. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది చప్పుడును విడిగా రికార్డు చేయండి. కత్తిరించిన చోట్ల అతుకు కనబడకుండా ఆ చప్పుడు కింద వేసుకోవచ్చు. పక్క గదిలో మగ్గం ఆడుతుంటే మాటల సమయంలో ఆపమని, తర్వాత ఆ చప్పుడును కూడా ఒక నిమిషం విడిగా తీసుకోండి. అది పరిచయం కింద బాగుంటుంది. ఆయనను ఆసు మీద చెయ్యి పెట్టమని, మొదటి ప్రశ్నగా ఇదడగండి: "తాతా, దీని మీద అమ్మ చెయ్యి ఎక్కువ అరిగించిన చోటు ఏది?"